బాకీ గుర్తుచేసే ఉత్తరం: మెత్తగానా, గట్టిగానా, నోటీసుగానా?

గాజువాక ఆటోనగర్‌లో చిన్న చిన్న ఫ్యాబ్రికేషన్ షాపులకు లెక్కలు రాయడం నా పని. ఆ షాపుల్లో ఎక్కువ వాటికి పని కొరత లేదు. చేసిన పనికి డబ్బు సమయానికి రాకపోవడమే వాటిని పీడిస్తుంది. పార్టీకి ఏమని రాయాలో తెలియక యజమానులు రెండు నెలలు మౌనంగా ఉంటారు. మూడో నెలలో కోపం పట్టలేక ఒక్క మెసేజి పెట్టి, పదేళ్ల పార్టీని పోగొట్టుకుంటారు. ఈ రెండింటికీ మధ్య దారి ఉంది. దాన్ని ఎలా ఎంచుకోవాలో నిరుడు నడిచిన ఒక బాకీ కథతోనే చెబుతాను.

మా షాపుల్లో ఒకటి రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లకు స్టెయిన్‌లెస్ స్టీలు బల్లలు, ర్యాకులు చేస్తుంది. తగరపువలస వైపున్న ఒక ప్లాంటుకు ఏడేళ్లుగా సరుకు ఇస్తోంది. 2025 జూలై 8న కొన్ని బల్లలు పంపి అదే రోజు బిల్లు ఇచ్చాం. సరుకు విలువ 3,00,000 రూపాయలు, 18 శాతం జీఎస్టీ 54,000, మొత్తం 3,54,000. గడువు 30 రోజులని ఆర్డరులోనే రాసి ఉంది. అంటే డబ్బు ఆగస్టు 7న రావాలి. రాలేదు.

డబ్బు రాకపోయినా మన ఖర్చు ఆగదు. జూలై బిల్లు మీద జీఎస్టీని ఆగస్టు 20 లోగా రిటర్నుతో పాటు కట్టాలి. కొనుగోళ్ల మీద కట్టిన పన్ను మినహాయించుకోగా మిగిలింది మన జేబులోంచే పోతుంది. స్టీలు షీట్లు కొన్నది బ్యాంకు క్యాష్ క్రెడిట్ ఖాతాలోంచి. 11 శాతం వడ్డీ లెక్కన 3,54,000 మీద 21 రోజులకు సుమారు 2,240 రూపాయలు అవుతుంది. ఈ అంకెలను పార్టీకి చెప్పనవసరం లేదు. అయితే గుర్తుచేయడానికి మొహమాటపడే యజమానికి నేను ముందు ఇవే చూపిస్తాను. అడగకుండా గడిపిన ప్రతి వారం, మనం వడ్డీ కట్టి మరొకరికి అప్పు ఇచ్చినట్టే.

మొదట కారణం, తరువాత ఉత్తరం

ఆలస్యం అనగానే డబ్బు లేదనో, ఇవ్వాలని లేదనో అనుకుంటాం. నా అనుభవంలో గడువు దాటిన బిల్లుల్లో చాలావరకు కాగితం దగ్గర ఆగినవే. బిల్లు మీద పర్చేజ్ ఆర్డరు నంబరు ఉండదు, లేదా స్టోర్స్ ముద్ర పడిన డెలివరీ చలానా అకౌంట్స్‌కు చేరదు, లేదా పది బల్లల్లో ఒకదాని కాలు ఊగుతోందని సూపర్‌వైజరు నోటితో చెప్పి ఊరుకుంటాడు. ఇలాంటి బిల్లుకు గట్టి ఉత్తరం రాస్తే డబ్బు రాదు, పైగా మనస్పర్థ వస్తుంది.

ఇది నేను చేసిన తప్పే. చాలా ఏళ్ల కిందట ఒక పార్టీ యజమానికి నేరుగా ఘాటైన ఉత్తరం రాశాను. తీరా చూస్తే మా బిల్లులో ఆర్డరు నంబరు ఒక అంకె తప్పు పడింది. వాళ్ల గుమాస్తా దాన్ని పక్కన పెట్టి, మాకు చెప్పడం మరిచిపోయాడు. సరిచేసిన బిల్లు ఇచ్చిన వారానికి డబ్బు వచ్చింది. ఆ తరువాత ఆర్డరు మాత్రం రాలేదు. అందుకే ఇప్పుడు గడువు దాటిన మూడు నాలుగు రోజులకు ఉత్తరం రాయను, ఫోను చేస్తాను. ఆ ఫోను కూడా యజమానికి కాదు, అకౌంట్స్‌లో బిల్లులు చూసే మనిషికి. డబ్బు అడగడానికి కూడా కాదు. “మా బిల్లు మీ దగ్గర ఏ దశలో ఉందండీ? మా వైపు నుంచి ఏదైనా కాగితం కావాలా?” అని ఇంతే. దీనికి వచ్చే జవాబును బట్టే తరువాత ఏం రాయాలో తేలుతుంది.

పై కేసులో ఆగస్టు 11, సోమవారం ఫోను చేశాం. “బిల్లు పాసైందండీ, సార్ సంతకం కోసం ఫైల్లో ఉంది” అన్నారు. అంటే సరుకు మీద పేచీ లేదు, కాగితంలో లోపమూ లేదు. ఆగింది డబ్బు దగ్గర. ఈ ఒక్క వాక్యం దొరికాక రాసే ఉత్తరం వేరు, దొరకకముందు రాసే ఉత్తరం వేరు.

మరో రెండు వారాలు చూశాం. ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి పెరిగింది. రొయ్యలు ఎక్కువగా పోయేది అక్కడికే కాబట్టి ప్లాంట్లన్నీ బిగుసుకుపోయాయి. వాళ్ల ఇబ్బంది నిజమైనదే, మాకూ తెలుసు. కానీ ఇబ్బంది నిజమైనప్పుడే గుర్తుచేయడం మరింత అవసరం. చేతిలో డబ్బు తక్కువైనప్పుడు యజమాని బిల్లులన్నీ ముందు పెట్టుకుని ఎవరికి ముందు, ఎవరికి వెనుక అని వరస వేస్తాడు. మౌనంగా ఉన్నవాడు ఆ వరసలో చివరికి పోతాడు.

మూడు ఉత్తరాలు పక్కపక్కన

ఆగస్టు 28, గురువారం షాపు యజమాని, నేను కూర్చుని మూడు రకాలుగా రాసి చూశాం. మొదటిది ఆయన రాసింది:

> నమస్కారం సార్. కులాసాగా ఉన్నారని తలుస్తాను. మా బిల్లు ఒకటి కొంచెం పెండింగులో ఉన్నట్టుంది. ఇబ్బంది పెడుతున్నందుకు మన్నించండి. మీకు వీలున్నప్పుడు కాస్త చూడగలరు.

చదవడానికి ఎంతో మర్యాదగా ఉంది. కానీ అవతలి మనిషి దీన్ని పట్టుకుని ఏమీ చేయలేడు. ఏ బిల్లో, ఎంతో, గడువు ఎప్పుడు దాటిందో ఇందులో లేదు. “ఉన్నట్టుంది” అనగానే మన లెక్క మీద మనకే నమ్మకం లేదని తెలిసిపోతుంది. “వీలున్నప్పుడు” అన్న మాటతో కొత్త గడువు మనమే ఇచ్చాం, అదీ తేదీ లేని గడువు. అన్నిటికంటే నాకు నచ్చనిది ఆ మన్నింపు. మన డబ్బు మనం అడగడానికి క్షమాపణ దేనికి? ఈ తరహా మాటలు గడువుకు రెండు రోజుల ముందు, ఊరికే జ్ఞాపకం చేయడానికి అయితే సరిపోతాయి, అప్పుడు కూడా బిల్లు నంబరు, మొత్తం వేయాలి.

రెండోది కోపంలో ఉన్న ఆయన కొడుకు రాసి పంపాడు:

> మీరు 21 రోజులుగా మా డబ్బు ఇవ్వడం లేదు. ఎన్నిసార్లు అడిగినా స్పందన లేదు. మూడు రోజుల్లో 3,54,000 చెల్లించకపోతే చక్రవడ్డీతో సహా వసూలుకు కౌన్సిల్‌లో కేసు వేస్తాం. ఇకపై సరుకు ఇవ్వబడదు.

కౌన్సిల్ అంటే చిన్న సంస్థలకు రావలసిన బాకీల తగాదాలు తీర్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్. ఇందులో చట్టం మాట అబద్ధం కాదు. సూక్ష్మ, చిన్న సంస్థల సరుకుకు 2006 నాటి చట్టం ప్రకారం ఒప్పందంలో రాసుకున్న గడువులోగా, అదీ ఎట్టి పరిస్థితిలోనూ 45 రోజులు దాటకుండా డబ్బు ఇవ్వాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. అయినా ఈ ఉత్తరం ఇప్పుడు పంపకూడదు. ఫోను చేసింది ఒక్కసారి, దానికి జవాబు కూడా వచ్చింది. “ఎన్నిసార్లు అడిగినా” అన్న మాట అవాస్తవం, ఆ ఒక్క మాటతో మొత్తం ఉత్తరం బలం పోతుంది. మూడు రోజుల తరువాత మనం నిజంగా కేసు వేయబోవడం లేదు. వేయని కేసు గురించి ఒకసారి బెదిరిస్తే, రేపు నిజంగా వేయవలసి వచ్చినప్పుడు మన మాటకు విలువ ఉండదు. పైగా ఏడేళ్లుగా డబ్బు ఎగ్గొట్టని మనిషిని ఎగవేతదారు గాటన కట్టాం.

మూడోది మేం పంపినది:

> నమస్కారం సార్. జూలై 8 నాటి 47వ నంబరు బిల్లు, 3,54,000 రూపాయలు, ఆగస్టు 7న రావలసింది. ఈ రోజుకు 21 రోజులు దాటింది. మీ స్టోర్స్ ముద్ర ఉన్న చలానా, బిల్లు కాపీ, ఖాతా వివరాలు జత చేశాను. బిల్లు పాసైందని 11వ తేదీన మీ అకౌంట్స్ వారు చెప్పారు. ఇంకేమైనా అభ్యంతరం ఉంటే సోమవారం లోగా తెలియజేయండి, వెంటనే సరిచేస్తాం. లేకపోతే సెప్టెంబరు 3, బుధవారం నాటికి మొత్తం జమ చేయించగలరు. ఎగుమతుల పరిస్థితి మాకూ తెలుసు. ఒకేసారి కుదరకపోతే ఆ రోజుకు ఎంత, మిగతాది ఏ తేదీన అన్నది మీరే రాసి పంపండి, దాని ప్రకారం మా చెల్లింపులు సర్దుకుంటాం. మీ తదుపరి ఆర్డరు ర్యాకుల గురించి విడిగా మాట్లాడతాను.

ఈ ఉత్తరంలో గట్టిగా ఉన్నవి అంకెలు, తేదీలు. మనిషి గురించి ఒక్క కఠినమైన మాట లేదు. “మీరు ఇవ్వలేదు” అనకుండా “రావలసింది” అన్నాం. కర్త మనిషి కాకుండా బిల్లు అయ్యేసరికి, నింద లేకుండానే విషయం పూర్తిగా చెప్పగలిగాం. తెలుగులో ఈ సౌలభ్యం ఉంది, బాకీ ఉత్తరంలో దాన్ని వాడుకోవాలి. “గలరు” అన్న ముగింపు కూడా అలాంటిదే. ఆజ్ఞ కాదు, బతిమాలడమూ కాదు.

విడతల మాట మనమే ఎత్తడం బలహీనత కదా అని యజమాని అడిగారు. ఎంత చొప్పున అని మనం చెప్పి ఉంటే బలహీనతే. మనం “సగమైనా ఇవ్వండి” అంటే సగమే వస్తుంది. తేదీలు, మొత్తాలు వాళ్లనే రాయమన్నాం. అలా రాసి పంపితే రెండు లాభాలు. తన చేత్తో రాసిన తేదీని మనిషి తేలికగా దాటడు. రెండోది చట్టపరమైనది: బాకీ వసూలుకు దావా వేయడానికి మామూలుగా మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది, ఆ లోపు బాకీని ఒప్పుకుంటూ సంతకంతో రాసిచ్చిన కాగితం ఉంటే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. మూడేళ్ల దాకా పోవాలని ఎవరూ కోరుకోరు గానీ, కాగితం ఉండడం క్షేమం.

బుధవారం అని ఎందుకు రాశామో కూడా చెప్పాలి. మా వైపు లక్ష్మీవారం, శుక్రవారం డబ్బు బయటికి తీయడానికి ఇష్టపడని యజమానులు ఇప్పటికీ ఉన్నారు. శుక్రవారం గడువు పెడితే ఆ రోజు ఎలాగూ కదలదు, శనివారం బ్యాంకు పని కుదరలేదంటారు, మాట సోమవారానికి పోతుంది. గడువు తప్పడం అలా అలవాటుగా మారుతుంది. పార్టీ పాటించగల తేదీనే ఇవ్వాలి.

ఏ దారిన పంపాలి?

ఇక్కడ నా ఎంపిక సూటిగా ఉంటుంది. కారణం తెలుసుకోవడానికి ఫోను, బాకీ గుర్తుచేయడానికి రాత. ఫోనులో “చూద్దాం లెండి” అన్న మాటకు సాక్ష్యం లేదు. ఫోనులో మాట్లాడితే, ఆ గంటలోపే మాట్లాడింది రెండు వాక్యాల్లో రాసి పంపాలి. ఈమెయిలు ఉన్న సంస్థకు ఈమెయిలే మేలు, ఎందుకంటే అది అకౌంట్స్ ఫైల్లోకి వెళ్తుంది. చిన్న యజమానికి వాట్సాప్ చాలు. అయితే లెటర్‌హెడ్ మీద రాసిన ఉత్తరాన్ని పీడీఎఫ్‌గా పెట్టాలి, వట్టి మెసేజి పైకి జరిగిపోయి కనిపించకుండా పోతుంది. ఇద్దరికీ తెలిసిన సరఫరాదారుల గ్రూపులో మాత్రం ఎన్నడూ పెట్టకూడదు. నలుగురి ముందు బాకీ అడిగితే డబ్బు వస్తుందేమో గానీ, ఆ మనిషి మళ్లీ మన షాపు మెట్లెక్కడు.

నేరుగా వెళ్లడం మంచి మార్గమే, కానీ దాన్ని దాచుకోవాలి. ఆటోనగర్ నుంచి తగరపువలస దాకా వెళ్లి రావడానికి సగం రోజు పోతుంది. మొదటిసారి గుర్తుచేయడానికే వెళ్లి గుమ్మంలో కూర్చుంటే వసూలుకు వచ్చినట్టుంటుంది. రాసిచ్చిన తేదీ ఒకసారి తప్పాక, ముందుగా చెప్పి వెళ్తే, అది మాట్లాడుకోవడానికి వచ్చినట్టు ఉంటుంది.

కొత్త ఆర్డరు ఇవ్వాలా, ఆపాలా?

మేం పంపిన ఉత్తరానికి సోమవారం జవాబు వచ్చింది. సెప్టెంబరు 3న 1,54,000, సెప్టెంబరు 24న లక్ష, అక్టోబరు 15న లక్ష ఇస్తామని రాశారు. మొదటిది చెప్పిన రోజునే జమ అయింది. అదే వారం సుమారు 80,000 రూపాయల ర్యాకులు కావాలని అడిగారు. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

పూర్తిగా ఆపేస్తే వాళ్ల పని ఆగుతుంది, పక్క వీధిలోని షాపుకు వెళ్తారు, మన పాత బాకీ వరసలో ఇంకా కిందికి పోతుంది. ఏమీ అనకుండా పాత పద్ధతిలో ఇచ్చేస్తే బాకీ 2,00,000 నుంచి 2,80,000 అవుతుంది. మేం మూడో దారి పట్టాం. ర్యాకులకు సగం అడ్వాన్సు, మిగతా సగం సరుకు లారీ ఎక్కే ముందు. పాత బాకీ దాని దారిన అది. వాళ్లకు చెప్పిన మాట ఇది: “పాత ఖాతా సర్దుకునే దాకా మా స్టీలు కొనుగోలుకు చేతిలో డబ్బు కావాలండీ. అది తీరగానే మళ్లీ 30 రోజుల పద్ధతికి వస్తాం.” షరతుకు కారణం మన వైపు నుంచి చెప్పడం, అది తాత్కాలికమని చెప్పడం, ఈ రెండింటి వల్ల వాళ్లు నొచ్చుకోలేదు. ఒప్పుకున్నారు.

పార్టీ మొదటి విడతే తప్పి ఉంటే నేను ఈ సలహా ఇచ్చేవాణ్ణి కాదు. అప్పుడు అడ్వాన్సు ఇస్తామన్నా ముందు పాత దానిలో జమ వేసుకునేవాళ్లం.

సెప్టెంబరు 24న రెండో విడత రాలేదు. దసరా ముందు కూలీల బోనసుల ఒత్తిడి ఉంటుందని తెలిసినా ఊరుకోలేదు. మర్నాడు ఉదయం ఒక్క వాక్యం: “మీరు రాసిన ప్రకారం నిన్న రావలసిన లక్ష రూపాయలు ఖాతాలో కనిపించలేదు సార్, ఏ రోజు అనుకోవచ్చు?” దీనిలో పాత కథ లేదు, వాళ్ల మాటనే వాళ్లకు చూపించాం. సోమవారం, 29న జమ అయింది. గడువు తప్పిన మర్నాడే అడగడం మర్యాద తప్పడం కాదు. వారం ఆగి అడిగితే, తేదీలను మనమే లెక్కచేయనట్టు అవుతుంది.

చట్టం మాట ఎప్పుడు, ఎవరి దగ్గర

చివరి లక్ష కూడా రాకపోయి ఉంటే ఏం చేసేవాళ్లమో ముందే అనుకున్నాం. మొదట యజమానిని వదిలి, వాళ్ల అకౌంట్స్ విభాగానికి రెండు సంగతులు గుర్తుచేసేవాళ్లం. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో మనకు డబ్బు ఇవ్వకపోతే, ఆ బిల్లు మీద వాళ్లు తీసుకున్న జీఎస్టీ క్రెడిట్‌లో చెల్లించని మేరకు వడ్డీతో వెనక్కి కట్టాలి. జూలై 8 బిల్లుకు ఆ గడువు 2026 జనవరి 4. డిసెంబరు మొదట్లో “మీ క్రెడిట్ గడువు దగ్గరపడుతోందండీ” అని రాస్తే అది బెదిరింపులా ఉండదు, వాళ్ల మేలు కోరి చెప్పినట్టే ఉంటుంది, నిజంగా అంతే కూడా. రెండోది ఆదాయపు పన్ను సంగతి. సూక్ష్మ, చిన్న సంస్థలకు చట్టం చెప్పిన గడువు దాటి, మార్చి 31కి కూడా ఇవ్వకుండా ఉంచిన మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపడానికి వీలులేదు. 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఈ నిబంధన ఫిబ్రవరి, మార్చి నెలల్లో బాగా పనిచేస్తుంది, ఆగస్టులో ఎవరూ పట్టించుకోరు.

ఈ రెండూ అందరి మీదా పనిచేయవు. 5 శాతం జీఎస్టీ వేసే మామూలు హోటలు అసలు క్రెడిటే తీసుకోదు, కాబట్టి 180 రోజుల మాట దానికి తగలదు. మనం సరుకు తయారుచేయకుండా కొని అమ్మే వ్యాపారులమైతే, సూక్ష్మ, చిన్న సంస్థగా ఉద్యమ్ నమోదు ఉన్నా పన్ను నిబంధన మన బాకీకి వర్తించదు. తయారీదారులు సరుకు ఇవ్వకముందే ఉద్యమ్ నమోదు చేయించుకుని, ఆ నంబరును బిల్లు మీద అచ్చు వేయించాలి. అది రోజూ కనిపిస్తుంటే ఉత్తరంలో చట్టం ఊసెత్తే అవసరం చాలాసార్లు రాదు.

ఫెసిలిటేషన్ కౌన్సిల్ చివరి మెట్టు. అక్కడ ముందు రాజీ ప్రయత్నం, కుదరకపోతే మధ్యవర్తి తీర్పు. తీర్పు మీద కొనుగోలుదారు కోర్టుకు వెళ్లాలంటే తీర్పు మొత్తంలో 75 శాతం ముందుగా జమ చేయాలి కాబట్టి దానికి పదునుంది. కానీ ఆ మెట్టు ఎక్కాక పాత స్నేహం మిగలడం నేను చూడలేదు. రాసిచ్చిన తేదీలు రెండుసార్లు తప్పి, కలవడానికి వెళ్లినా మొహం చాటేసి, కొత్త సరుకు మరొకరి దగ్గర నగదుకు కొంటున్నారని తెలిస్తే, కాపాడుకోవలసిన సంబంధం అక్కడ ఇక లేదని అర్థం. అప్పుడు వాయిదా వేయకుండా వెళ్లమంటాను.

మా కేసు అంత దూరం పోలేదు. అక్టోబరు 15, బుధవారం మధ్యాహ్నం మిగిలిన లక్ష జమ అయింది. ఆ సాయంత్రమే ఖాతా నిల్ అయిన స్టేట్‌మెంటు పంపి, కింద “తదుపరి ఆర్డరు నుంచి యథాప్రకారం 30 రోజులు” అని రాశాం. దీపావళి మరునాడు వాళ్ల స్టోర్స్ మేనేజరు ఫోను చేసి, మరో నాలుగు బల్లలకు కొలతలు చెప్పారు.